మేనత్త గారి కొత్త గదికి ఏం ఇవ్వాలి?

ప్రశ్న: మా మేనత్త గారికి 79 ఏళ్లు. విశాఖపట్నం సీతమ్మధారలో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఇంటిని వదిలి, వచ్చే నెలలో భీమిలి రోడ్డులోని ఒక సీనియర్ కేర్ హోమ్‌లో చేరుతున్నారు. నిర్ణయం ఆవిడదే. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. మంచం, బీరువా, చిన్న బల్ల, కుర్చీ వాళ్లే ఇస్తారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి, చూపు కాస్త తగ్గింది, జ్ఞాపకశక్తికి మాత్రం ఏ లోటూ లేదు. అన్నదమ్ముల పిల్లలం తొమ్మిది మందిమి కలిసి ఏదైనా ఇవ్వాలనుకుంటున్నాం. కొందరు పెద్ద టీవీ అంటున్నారు, కొందరు వెండి విగ్రహం అంటున్నారు. ఆ చిన్న గది తన సొంత గదిలా అనిపించాలంటే ఏం ఇస్తే బాగుంటుంది?
— ఒక మేనకోడలు, అక్కయ్యపాలెం

సమాధానం: టీవీ, వెండి విగ్రహం రెండింటినీ పక్కన పెట్టమనే నేను చెబుతాను. పెద్ద టీవీ అంత చిన్న గదిలో ఒక గోడను పూర్తిగా తినేస్తుంది, పైగా రాత్రి పూట పక్క గదివారితో పేచీ వస్తుంది. వెండి వస్తువు ఉంటే, పనిమనుషులు, నర్సులు రోజంతా వచ్చిపోయే చోట మీ అత్తగారు భోజనానికి వెళ్లిన ప్రతిసారీ దాని మీదే మనసు పెట్టుకుంటారు. విలువైన వస్తువులకు తమది బాధ్యత కాదని హోమ్‌లు చేర్చుకునే రోజునే కాగితం మీద రాయించుకోవడం మామూలే. ఆ గదికి కావలసిన వస్తువుల్లో చాలా భాగం ఇప్పటికే సీతమ్మధార ఇంట్లో ఉన్నాయి. అయితే అవి ఉన్నవి ఉన్నట్టుగా గదిలో ఇమడవు. వాటిని గదికి తగ్గట్టు మార్చి, మోయించి, అమర్చి పెట్టడమే మీ తొమ్మిది మంది ఇవ్వగల కానుక. కొత్తగా కొనవలసినవి కొద్దిగానే ఉంటాయి.

ఏదైనా కొనే ముందు మీలో ఒకరు టేపు పట్టుకుని ఆ గదికి వెళ్లండి. 120 చదరపు అడుగులు అంటే చాలానే అనిపిస్తుంది గానీ, 3 అడుగుల వెడల్పు మంచం, బీరువా, దాని తలుపు తెరుచుకునే జాగా, బల్ల, కుర్చీ, గది తలుపు, బాత్రూం తలుపు, ఇవన్నీ తీసేస్తే మిగిలేది తక్కువ. అందులోనూ మంచం నుంచి బాత్రూం వరకు 3 అడుగుల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఈ రోజు చేతికర్రతో నడిచే మనిషికి రేపు వాకరు అవసరం కావచ్చు. ఆ దారిలో స్టూలు గాని, పీట గాని, చాప గాని ఉంటే ప్రమాదమే. కాబట్టి నేల మీద పెట్టే వస్తువు ఒక్కదానికి మించి ఇవ్వకండి. మిగిలినవన్నీ గోడ మీదకో, మంచం మీదకో, బల్ల మీదకో చేరేవై ఉండాలి.

ఆ రోజే మేనేజరు గారిని కొన్ని విషయాలు అడిగి రాసుకోండి. గోడకు మేకులు కొట్టనిస్తారా, లేక వాళ్ల కార్పెంటరే వచ్చి బిగించాలా? సొంత దుప్పట్లు వాడుకోవచ్చా, బట్టలు ఎక్కడ ఉతుకుతారు? గదిలో దీపం, అగరువత్తులు వెలిగించనిస్తారా? మంచం పక్కన ప్లగ్గు ఉందా? ఈ జవాబులు తెలియకుండా కొన్న వస్తువులే తరవాత బీరువా పైన అట్టపెట్టెలోనే ఉండిపోతుంటాయి.

కొలతలు పూర్తయ్యాక, ఇబ్బంది పడకుండా, ఆ మంచం మీద ఒకసారి వెల్లకిలా పడుకుని చూడండి. పెద్ద వయసులో మధ్యాహ్నం విశ్రాంతి, నిద్ర పట్టని రాత్రి, ఒంట్లో బాగాలేని రోజులు, అన్నీ కలిపితే ఆ గదిని ఎక్కువ సేపు చూసేది దిండు మీద నుంచే. బంధువులు మాత్రం గుమ్మంలో నిలబడి, లోపలికి రాగానే బాగా కనిపించేలా గదిని అలంకరిస్తారు. అలా పెట్టిన ఫోటోలు చాలాసార్లు మంచం తలవైపు గోడ మీదకు చేరుతాయి. వచ్చినవారందరికీ అవి కనిపిస్తాయి, పడుకున్న మనిషికి తప్ప. దిండు మీద తల పెట్టి చూస్తే ఏ గోడ కనిపిస్తుందో, కిటికీ వెలుతురు ఏ గోడ మీద పడుతుందో గమనించి, ఫోటోల గోడ ఏదో అప్పుడు నిర్ణయించండి.

మంచం తలవైపు నుంచి ఎదురు గోడ 10 అడుగుల దూరంలో ఉందనుకుందాం. చూపు తగ్గిన మనిషికి అంత దూరం నుంచి ఇరవై మంది నిలబడ్డ పెళ్లి ఫోటోలో ఎవరి ముఖమూ తెలియదు. అక్కడ పెట్టవలసినవి ఒకరో ఇద్దరో ఉన్న ఫోటోలు. ఒక్కో ముఖం అరచేయంత ఉండేలా 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవున పెద్దవి చేయించినవి. అలాంటివి మూడు చాలు. మామయ్య గారిది ఒకటి, ఆవిడ అమ్మానాన్నలది ఒకటి, మూడోది ఏదో ఆవిడనే అడగండి. సీతమ్మధార ఇంటి గుమ్మమో, వీధి అరుగో, పెరట్లో జామచెట్టో కావాలంటారేమో. ఇల్లు ఖాళీ చేయక ముందే, సామాను ఎక్కడివక్కడ ఉండగానే, ఆవిడను వెంట ఉంచుకుని ఇంటి ఫోటోలు తీసి ఉంచండి. ఆ పని నెల తరవాత చేయలేరు.

గుంపు ఫోటోలకు కుర్చీ పక్క గోడ సరైన చోటు. మనం సాధారణంగా నిలబడ్డ మనిషి కంటికి సరిపడేలా 5 అడుగుల పైన పటాలు తగిలిస్తాం. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కన్ను నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో పదే పదే లేచి నిలబడి చూడలేరు కాబట్టి ఆ ఫోటోలు కూడా ఆ ఎత్తుకే దిగాలి. అక్కడ ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి, వేలు పెట్టి ఎవరు ఎవరో చూపించవచ్చు. ప్రతి ఫోటో కింద తెల్లటి పట్టీ వదిలి, పేర్లు, వరస, ఊరు తెలుగులో లావు అక్షరాలతో ముద్రించండి. మీ అత్తగారి జ్ఞాపకం బాగానే ఉంది కదా, పేర్లెందుకని మీరు అడగవచ్చు. అవి ఆవిడ కోసం కాదు. మందులిచ్చే అమ్మాయి, గది తుడిచే ఆవిడ ఆ పేర్లు చదివి, “అమ్మా, ఈ రాజమండ్రి తమ్ముడుగారు ఎప్పుడొస్తారు?” అని అడిగితే మాట కలుస్తుంది. కొత్త చోట మొదటి వారాల్లో ఆవిడను గది నంబరుతో కాకుండా మనిషిగా గుర్తుంచుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు.

ఫోటోలు తగిలించడానికి ఒక్కో దానికి ఒక్కో మేకు కొట్టే బదులు, 4 అడుగుల రీపరు ఒకటి చెక్కించి, దానికి ఆరేడు కొక్కేలు బిగించి, ఆ రీపరును గోడకు రెండు స్క్రూలతో పట్టించండి. రెండు రంధ్రాలే కాబట్టి ఏ హోమ్ వారూ పెద్దగా అభ్యంతరం చెప్పరు, ఫోటోలు మార్చుకోవాలంటే ఎవరినీ పిలవనక్కరలేదు. అతికించే ప్లాస్టిక్ కొక్కేలు చవకే గానీ, డిస్టెంపర్ వేసిన గోడ మీద, ఈ ఊరి ఉక్కపోతలో అవి పెచ్చుతో సహా ఊడి వస్తాయి. మంచానికి పైన వాటిని అసలు వాడకండి.

సముద్రానికి దగ్గర కాబట్టి ఇంకో జాగ్రత్త చెప్పాలి. పాత ఫోటోల అసలు ప్రతులను ఆ గదికి పంపవద్దు. తేమలో ఫోటో కాగితం పటం అద్దానికి అతుక్కుపోతుంది, లాగితే బొమ్మ ఊడి వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాడు ఆల్బమ్‌లు తడిసిన ఇళ్లవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. అసలు ప్రతులను స్కాన్ చేయించి మీలో ఒకరు భద్రపరచండి. గదిలో పెట్టేవాటిని అద్దం లేకుండా, మెరుపు లేని లామినేషన్ చేయించి, తేలికైన బోర్డు మీద అతికించమని స్టూడియోలో చెప్పండి. అద్దం లేకపోతే పగిలే భయం ఉండదు, మెరుపు లేకపోతే ట్యూబులైటు కాంతి పడి ముఖాలు మాయం కావు. ఇనుప ఫ్రేములు, ఇనుప స్టాండ్లు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి కాబట్టి చెక్కవో స్టీలువో చూడండి.

ఇక మంచం. గదిలో అన్నిటికంటే పెద్ద వస్తువు అదే, దాని మీద పరిచిన గుడ్డను బట్టే గది ఆస్పత్రిలా కనిపించడమో, ఇల్లులా కనిపించడమో జరుగుతుంది. కొత్త బెడ్‌షీట్ల సెట్టు కొనే ముందు, మీ అత్తగారి బీరువాలో కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు ఏమున్నాయో అడిగి, వాటిలో ఆవిడ ఇచ్చినవి మాత్రమే తీసుకుని, ఒక బొంత కుట్టించండి. ఒంటి మంచానికి రెండు మూడు చీరలు సరిపోతాయి. పైకి కనిపించే చీర ఏదో, అంచు ఎటు రావాలో ఆవిడే చెప్పాలి. బొంతను పల్చగా కుట్టించడం ముఖ్యం. పొరలు ఎక్కువైతే వానాకాలంలో ఆరదు, ముక్క వాసన వస్తుంది, ఆవిడ చేత్తో ఎత్తి దులపలేరు. హోమ్‌లో అందరి బట్టలూ కలిపి వేడినీళ్లలో, పెద్ద మెషీనులో ఉతుకుతారు గనక, పాత చీర ఆ దెబ్బకు ఆగదు. దాన్ని విడిగా ఉతికించే బాధ్యత, నెలకోసారి తీసుకెళ్లి తెచ్చే బాధ్యత, మీలో దగ్గరలో ఉన్నవారు తీసుకోండి. రోజువారీ వాడకానికి మాత్రం గట్టి నూలు దుప్పట్లు, దిండు గలీబులు మూడు జతలు ఇవ్వండి. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో ఉంటుంది.

ఉమ్మడి ఉతుకులో బట్టలు తారుమారు కావడం ప్రతి హోమ్‌లోనూ వినిపించే ఫిర్యాదు. వేరొకరి రవిక తన బీరువాలో కనిపించినప్పుడు, తన దుప్పటి పక్క గదిలో కనిపించినప్పుడు పెద్దవారికి కలిగే కష్టం చిన్నది కాదు. మార్కరు పెన్నుతో రాసిన పేరు కొన్ని ఉతుకులకే వెలిసిపోతుంది. చీరల లోపలి చెంగు మూలన, లంగాల పట్టీ మీద, తువ్వాళ్ల అంచున ఎర్ర దారంతో ఇంటిపేరు, పేరు పొడి అక్షరాలు కుట్టి ఇవ్వండి. ఇది డబ్బు ఖర్చు లేని పని. మీలో ఇద్దరు ఆవిడ దగ్గర కూర్చుని రెండు మధ్యాహ్నాల్లో పూర్తి చేయవచ్చు.

మంచం పక్కన ఉండే చిన్న బల్ల మీద కళ్లజోడు, మంచినీళ్లు, ఫోను, మందుల డబ్బా ఉండి తీరాలి. కానుకలు పోగై ఆ నాలుగింటికి చోటు లేకపోతే, రాత్రి చీకట్లో చేత్తో తడుముతూ గ్లాసు పడేస్తారు. అందుకే బల్ల మీదకు ఒక్క వస్తువే సూచిస్తాను, అది కూడా ఇంటి నుంచి వచ్చినదే: ఆవిడ పోపుల పెట్టె. నాకు తెలిసిన ఒక పెద్దావిడ హోమ్‌కు వెళ్తూ తన స్టీలు పోపుల పెట్టెను వెంట తీసుకెళ్లారు. లోపలి గిన్నెల్లో ఆవాలు, జీలకర్ర ఉండే చోట ఇప్పుడు పిన్నీసులు, బొత్తాలు, సూదీదారం, చిల్లర, వక్కపొడి, వినికిడి యంత్రం బ్యాటరీలు ఉంటాయి. ఏ గిన్నెలో ఏముందో చూడకుండానే ఆవిడ చేతికి తెలుసు, ఎందుకంటే ఆ పెట్టెను ఆ చెయ్యి కొన్ని దశాబ్దాలుగా తీస్తూనే ఉంది. మీ అత్తగారి పెట్టె మూత బిగుతుగా ఉంటే మాత్రం వేళ్లకు ఇబ్బంది లేకుండా కాస్త వదులు చేయించి ఇవ్వండి.

కొత్తగా కొనవలసిన వాటిలో నేను మొదట చెప్పేది దీపాల సంగతి. అరవై దాటిన కంటిలోకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటిలోకి చేరే దానిలో సుమారు మూడో వంతే. హోమ్ గదుల్లో పైన ఒకే ట్యూబులైటు ఉంటుంది, దాని స్విచ్చి తలుపు దగ్గర ఉంటుంది. పడుకున్న చోటి నుంచి చేతికి అందే స్విచ్చితో, పుస్తకం మీదకు వంచుకోగలిగే ఎల్‌ఈడీ దీపం ఒకటి మంచం తలవైపు బిగించండి. మంచానికీ బాత్రూంకీ మధ్య గోడకు నేల నుంచి జానెడు ఎత్తులో, మనిషి కదలగానే తనంతట తానే వెలిగే చిన్న దీపం ఇంకొకటి పెట్టించండి. ఏ వైరూ నడిచే దారికి అడ్డం రాకూడదు. కొనవలసిన ఇంకో వస్తువు పెద్ద అంకెలున్న తెలుగు క్యాలెండరు. తిథి, వారం, పండగలు ఉన్నది, దిండు మీద నుంచి తారీఖు కనిపించేంత పెద్దది తెచ్చి, మీ తొమ్మిది మందిలో ఎవరు ఏ నెలలో వస్తారో ఆ తారీఖుల మీద మీ చేత్తోనే రాసి తగిలించండి. రాసిన రోజున రాకపోతే అసలు రాయకపోవడమే మేలు.

దేవుడి మూల గురించి మీరు అడగలేదు గానీ, అది లేకుండా గది పూర్తి కాదనే అనుకుంటున్నాను. పరుపులు, కర్టెన్లు, ఎవరి గదిలోనైనా ఆక్సిజన్ సిలిండరు ఉండే చోట గదిలో వత్తి దీపం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. తలుపులు మూసిన చిన్న గదిలో అగరువత్తి పొగ కూడా దగ్గు తెస్తుంది. ఇంట్లోని దేవుడి పటాలన్నీ తీసుకెళ్లే వీలు లేదు కాబట్టి, రోజూ చేతులు జోడించే రెండు పటాలను ఆవిడనే ఎంచుకోమనండి. సింహాచలం అప్పన్న పటం అందులో ఒకటి కావచ్చు. కుర్చీలో కూర్చుని పూజ చేసుకునే ఎత్తులో, ఒక అడుగు వెడల్పు చెక్క అర బిగించి, ప్లగ్గుకు పెట్టే చిన్న విద్యుత్ దీపం అమర్చండి. ఆవిడ కుందులను బీరువాలో దాచకుండా, హోమ్‌లో ఉమ్మడి పూజగది ఉంటే అక్కడ వెలిగించే ఏర్పాటు చేయమని అడగండి. శుభ్రం చేసిన పత్తి ఒక సంచీడు తెచ్చి ఇస్తే, ఆవిడ ఒత్తులు చేసి ఆ పూజగదికి ఇవ్వగలరు. వేళ్లు సహకరించినంత కాలం అది ఆవిడ చేతి పని, అక్కడివారందరికీ అవసరమైన పని.

నేల మీద పెట్టడానికి ఒక్క వస్తువుకే చోటుందన్నాను. అది చేతులున్న, మడిచి గోడకు ఆనించగల రెండో కుర్చీ కావాలి. చూడవచ్చినవారికి కూర్చోవడానికి చోటు లేకపోతే మంచం అంచున కూర్చుంటారు, లేదా నిలబడి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. ఇన్నేళ్లు ఇంటికి వచ్చినవారికి కాఫీ ఇచ్చి పంపిన ఇల్లాలు ఇకపై అందరి దగ్గరా పుచ్చుకునేవారిగానే మిగలకూడదు. అందుకని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి, నాలుగు చిన్న ప్లేట్లు ఇచ్చి, ఆ డబ్బాలో జంతికలో, చేగోడీలో అయిపోకుండా చూసే పనిని మీలో ఒకరు తీసుకోండి. అవి వచ్చినవారికి పెట్టడానికి. పక్క గదివారికి షుగరు, బీపీ ఉండవచ్చు కాబట్టి స్వీట్లు వద్దు, ఉప్పూ తగ్గించి చేయించండి. ఉత్తి చేతులతో వచ్చే పిల్లల కోసం బీరువా అడుగు అరలో ఏటికొప్పాక లక్క బొమ్మలు రెండు మూడు ఉంచితే వాళ్లూ విసుగు లేకుండా కాసేపు ఉంటారు.

తివాచీలు, గుమ్మం ముందు పట్టాలు, గాజు పూలకుండీలు, ప్లాస్టిక్ పూలు, ఊగే కుర్చీ, వీటిలో ఏదీ వద్దు. మొదటి రెండూ కాలికి తట్టుకుని పడేస్తాయి. మిగిలినవి దుమ్ము పట్టి, తుడిచేవారికి పని పెంచుతాయి.

అమర్చే రోజు గురించి కూడా ముందే అనుకోండి. ఆవిడ చేరే రోజున తొమ్మిది మందీ సామానుతో గదిలో నిండితే ఆవిడకు ఊపిరాడదు. ముందు రోజే మీలో ఇద్దరు వెళ్లి రీపరు, అర, దీపాలు బిగించి, బొంత పరిచి, పోపుల పెట్టె బల్ల మీద పెట్టి రండి. ఫోటోల వరస మాత్రం ఆవిడ వచ్చాకే, ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుండగా మార్చండి. ఒక గోడ పూర్తిగా ఖాళీగా వదిలేయండి. ఆ హోమ్‌లో పరిచయమయ్యేవారి ఫోటోలకు, ముందు ముందు పుట్టబోయే పిల్లల ఫోటోలకు కూడా చోటు కావాలి.

నెల తరవాత గదికి వెళ్లినప్పుడు బీరువా పైన, మంచం కింద చూడండి. కవరు తీయని వస్తువు కనిపించినా, కళ్లజోడు దిండు కింద దాచుకునే పరిస్థితి ఉన్నా, గదిలో సామాను ఎక్కువైందని అర్థం. “బాగుందా అత్తా?” అని అడిగితే మిమ్మల్ని నొప్పించకుండా బాగుందనే అంటారు. “ఇందులో ఏది తీసేస్తే నీకు సుఖంగా ఉంటుంది?” అని అడగండి. ఆవిడ చెప్పిన వస్తువును, అది మీలో ఎవరు ఇచ్చినదైనా సరే, ఆ రోజే ఇంటికి తీసుకెళ్లిపోండి.